పత్తిలో తేమకు కోత, ఎరువులో నీటికి ధర

పత్తి అమ్మడానికి కొనుగోలు కేంద్రానికి బండి తోలుకెళ్తే ముందు చూసేది తేమ. భారత పత్తి సంస్థ లెక్క మనందరికీ తెలిసిందే. 8 శాతం వరకు పూర్తి మద్దతు ధర, ఆపైన ఒక్కో శాతానికి ఒక శాతం కోత, 12 దాటితే బండి వెనక్కి. గుంటూరు మిర్చి యార్డులోనూ అంతే. కాయ కొంచెం మెత్తగా తగిలితే చాలు, క్వింటాలుకు ఎంత తగ్గించాలో కొనేవాళ్ళే చెప్తారు. అమ్మేటప్పుడు నీళ్ళకు మనకు డబ్బు రాదు. అందులో తప్పు పట్టడానికి లేదు, నీళ్ళు పత్తి కావు కదా.

మరి మనం కొనే ఎరువులో ఎంత నీరుందో ఎవరైనా కొలిచి చెప్తున్నారా? బస్తాలో ఎరువు పొడిగా, పలుకులుగా, చేతికి తడి అంటకుండానే ఉంటుంది. కానీ కొన్ని లవణాల పలుకు లోపలే నీరు కట్టుబడి ఉంటుంది. అది ఎండలో ఆరబెడితే పోయే తేమ కాదు, ఆ లవణం నిర్మాణంలోనే భాగం. దాన్ని స్ఫటిక జలం అంటారు. కిలో తూకంలో ఆ నీటి బరువు కూడా ఉంటుంది, దానికీ మనం ధర కడుతున్నాం.

ఈ నెల ఈ విషయం ఎత్తడానికి కారణం కాల్షియం నైట్రేట్. చిలకలూరిపేట, ప్రత్తిపాడు, పర్చూరు, మార్టూరు ప్రాంతాల్లో డ్రిప్ వేసిన మిరప చేలల్లో దీని వాడకం బాగా పెరిగింది. ఖరీదైన సరుకు. ఒకే పేరుతో రెండు వేరు వేరు లవణాలు ఉన్నాయని, రెండింటిలో నత్రజని ఒకటి కాదని కొనేవాళ్ళలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. మన సంఘం అభిప్రాయం ఒక్క మాటలో ఇది: ఎరువు పేరు చూసి కాదు, అందులో కిలో నత్రజని ఎంతకు పడుతోందో చూసి కొనాలి. ఆ లెక్క కట్టడానికి కావలసిన వివరం బస్తా మీద, బిల్లు మీద మన భాషలో ఉండాలి.

ముందు లెక్క చేద్దాం. పదో తరగతి చదివే మన పిల్లల రసాయన శాస్త్రం పుస్తకంలో ఉన్నదే ఇది. పరమాణు భారాలు నాలుగు గుర్తు పెట్టుకుంటే చాలు: కాల్షియం 40, నత్రజని 14, ఆక్సిజన్ 16, హైడ్రోజన్ 1.

మొదటి లవణం శుద్ధమైన కాల్షియం నైట్రేట్. ప్రయోగశాలలకు, పరిశ్రమలకు అమ్మేది ఇదే. దీని ఫార్ములా Ca(NO3)2·4H2O. చుక్క తర్వాత ఉన్న 4H2O చూడండి, ఒక్కో కాల్షియం నైట్రేట్ కు నాలుగు నీటి అణువులు అంటుకుని ఉన్నాయని దాని అర్థం. ఇప్పుడు ఏది ఎంత బరువో కూడుదాం. కాల్షియం ఒకటి, 40. నత్రజని రెండు, 28. ఆక్సిజన్ నైట్రేట్ లో ఆరు, నీటిలో నాలుగు, మొత్తం పది, 160. హైడ్రోజన్ నీటిలో ఎనిమిది, 8. అన్నీ కలిపితే 236.

ఇక శాతం తీయడం తేలిక. ఒక్కోదాని బరువును 236 తో భాగించి నూటితో గుణించాలి. కాల్షియం 16.95 శాతం, నత్రజని 11.86 శాతం, ఆక్సిజన్ 67.80 శాతం, హైడ్రోజన్ 3.39 శాతం. నాలుగూ కూడితే సరిగ్గా 100 వస్తుంది. అలా రాకపోతే ఎక్కడో ఒక పరమాణువును వదిలేశామని అర్థం. ఎక్కువమంది వదిలేసేది నీటిలోని ఆక్సిజన్ నే.

అందులో నీరు ఎంతో విడిగా చూద్దాం. నాలుగు నీటి అణువుల బరువు 72. దాన్ని 236 తో భాగిస్తే 30.5 శాతం. నూరు కిలోల పొడి సరుకు కొంటే అందులో 30 కిలోల పైన నీళ్ళే. ఆ నీరు లేకుండా లెక్క కడితే కాల్షియం నైట్రేట్ బరువు 164, నత్రజని 17.07 శాతం. అంటే 17 శాతం నత్రజనిని 12 శాతం లోపుకు దించింది ఆ నీరే. పన్నెండు శాతం తేమ దాటిన పత్తిని వెనక్కి పంపే దేశంలో, 30 శాతం నీళ్ళున్న సరుకును మనం మాట్లాడకుండా మోసుకొస్తున్నాం.

రెండో లవణం ఎరువుగా తయారైనది. గుండ్రటి తెల్లని గుళికలుగా, ఎక్కువగా 25 కిలోల బస్తాల్లో వస్తుంది. పేరు కాల్షియం నైట్రేటే అయినా నిజానికి ఇది జంట లవణం. ఐదు పాళ్ళ కాల్షియం నైట్రేట్ కు ఒక పాలు అమ్మోనియం నైట్రేట్, పది పాళ్ళ నీరు కలిసి ఉంటాయి. ఫార్ములా 5Ca(NO3)2·NH4NO3·10H2O. బరువు లెక్క: ఐదు కాల్షియం నైట్రేట్లు 820, ఒక అమ్మోనియం నైట్రేట్ 80, పది నీటి అణువులు 180, మొత్తం 1080. నత్రజని పరమాణువులు మొదటి దాంట్లో పది, రెండో దాంట్లో రెండు, మొత్తం పన్నెండు. పన్నెండు పధ్నాలుగులు 168. దాన్ని 1080 తో భాగిస్తే 15.56 శాతం. బస్తా మీద కనిపించే 15.5 ఇక్కడి నుంచే వచ్చింది. కాల్షియం 18.5 శాతం, నీరు 16.7 శాతం.

మన దేశంలో ఎరువుల నాణ్యతకు చట్టం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు. నీటిలో పూర్తిగా కరిగే కాల్షియం నైట్రేట్ కు ఆ ఉత్తర్వు పెట్టిన కనీస మొత్తం నత్రజని 15.5 శాతం. కాబట్టి 11.86 శాతం సరుకు ఎంత శుద్ధంగా ఉన్నా ఆ ప్రమాణానికి అందదు. దాన్ని ఎరువుగా అమ్మకూడదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. కౌంటర్ మీద వినిపించే మాట "ఇది 99 శాతం ప్యూర్ అండీ" అని. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. ఆ డబ్బాలో 99 పాళ్ళు నిజంగా Ca(NO3)2·4H2O యే ఉండొచ్చు. కానీ శుద్ధత వేరు, పోషకం వేరు. నూటికి నూరుపాళ్ళు శుద్ధమైనా ఆ లవణంలో నత్రజని 11.86 దాటదు. 99 శాతం శుద్ధమైతే 11.74 కు వస్తుంది. పాలు కల్తీ లేనివే కావచ్చు, అంతమాత్రాన గేదె పాలలో ఉన్న వెన్న ఆవు పాలలో ఉండదు కదా. "ప్యూర్" అన్న మాటకు ఎక్కువ డబ్బు ఇచ్చి తక్కువ నత్రజని తెచ్చుకునే ప్రమాదం అక్కడే ఉంది.

డబ్బు లెక్కలో చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ధరలు ఊరికో రకంగా, నెలకో రకంగా ఉంటాయి కాబట్టి లెక్క కోసం 25 కిలోల బస్తా 1500 రూపాయలు అనుకుందాం. జంట లవణం బస్తాలో 15.5 శాతం చొప్పున నత్రజని 3.875 కిలోలు. కిలో నత్రజని సుమారు 387 రూపాయలు పడింది. అదే ధరకు శుద్ధ లవణం కొంటే బస్తాలో నత్రజని 2.965 కిలోలే. కిలో నత్రజని 506 రూపాయలు. కిలోకు 119 రూపాయలు ఎక్కువ. ఎకరా మిరపకు పంట కాలంలో దీని ద్వారా 5 కిలోల నత్రజని ఇవ్వాలనుకున్న రైతుకు మొదటిది 32 కిలోలు చాలు, రెండోది 42 కిలోలు కావాలి. ఆ సంగతి తెలియక రెండోదాన్నీ 32 కిలోలే వేస్తే చేనుకు 3.8 కిలోల నత్రజనే చేరుతుంది. తర్వాత ఆకు పచ్చదనం తగ్గిందని ఇంకో మందు డబ్బా తెచ్చుకుంటాం.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. కాల్షియం కోసమే కొనేవారికి నష్టం ఇంత ఉండదు. శుద్ధ లవణంలో 16.95, జంట లవణంలో 18.5, తేడా ఎనిమిది శాతం చిల్లర. అందుకని ఎందుకు కొంటున్నామో ముందు మనమే తేల్చుకోవాలి.

నత్రజని కోసమే అయితే ఈ రెండూ దండగే. యూరియాలో స్ఫటిక జలం లేదు. దాని అణుభారం 60, అందులో నత్రజని 28, అంటే 46.67 శాతం. బస్తా మీద 46 అని ఉంటుంది. 45 కిలోల బస్తాలో 20.7 కిలోల నత్రజని. బస్తా ధర 266 రూపాయల 50 పైసలు అనుకుంటే కిలో నత్రజని 13 రూపాయల లోపే. సబ్సిడీ వల్ల ఆ ధర ఉంది, నిజమే. అయినా 13 ఎక్కడ, 387 ఎక్కడ? పత్తికి నత్రజని కోసం కాల్షియం నైట్రేట్ వదలమని ఎవరు చెప్పినా ఈ రెండు అంకెలు వాళ్ళ ముందు పెట్టండి.

కాల్షియం సంగతి కూడా ఆలోచించాల్సిందే. గుంటూరు, పల్నాడు, ప్రకాశం నల్లరేగళ్ళలో కాల్షియం కొదవ సాధారణంగా ఉండదు. చాలా చోట్ల తవ్వితే సున్నపు గుల్లలు కనిపిస్తాయి. మిరప కాయ కొన కుళ్ళినప్పుడు కాల్షియం అందలేదని చెప్పేది నిజమే కానీ, ఎక్కువసార్లు అది నేలలో లేక కాదు, కాయ దాకా చేరక. మొక్కలో కాల్షియం నీటితో పాటే పైకి ఎక్కుతుంది, ఆకులోకి వెళ్ళాక మళ్ళీ కాయలోకి రాదు. నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా తడి ఇస్తే కాయకు అందాల్సిన సమయంలో అందదు. అలాంటి చేనుకు ముందు కావలసింది సమంగా తడి. యర్రగొండపాలెం, మార్కాపురం వైపు తేలిక ఎర్ర నేలల్లో లెక్క వేరుగా ఉండొచ్చు. భూసార పరీక్ష కార్డు చూసి నిర్ణయించుకోవాలి.

కొనాల్సిందే అనుకున్నవారు ఏ లవణమో ఎలా పోల్చుకోవాలి? మొదటిది లేబుల్. నత్రజని 15.5 అని, అందులో నైట్రేట్ రూపంలో ఎంత, అమ్మోనియా రూపంలో ఎంత అని విడివిడిగా ఉంటే అది జంట లవణం. "టెట్రాహైడ్రేట్" అన్న మాట గానీ, ఫార్ములా చివర 4H2O గానీ ఉంటే, లేదా శుద్ధత 99 శాతం అని మాత్రమే ఉండి నత్రజని శాతం లేకపోతే, అది మనకు కావలసిన ఎరువు కాదు.

రెండోది సున్నం పరీక్ష. చెంచాడు ఎరువును స్టీలు గిన్నెలో కొద్ది నీళ్ళతో తడిపి, తాంబూలంలో వేసుకునే తడి సున్నం చిటికెడు కలపాలి. జంట లవణమైతే అందులోని అమ్మోనియం సున్నంతో కలిసి అమ్మోనియా ఘాటు వదులుతుంది. చేత్తో గాలి విసురుకుని వాసన చూడండి, ముక్కు గిన్నెలో పెట్టకండి. శుద్ధ లవణమైతే ఏ వాసనా రాదు. ఈ పరీక్ష అమ్మోనియం ఉందో లేదో చెబుతుంది, ఎంత శాతమో చెప్పదు. ఎవరైనా కావాలని ఇంకో అమ్మోనియం లవణం కలిపినా వాసన వస్తుంది. కాబట్టి వాసన రాకపోతే అనుమానించాలి, వస్తే మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టు కాదు.

మూడోది మన ఎండలే చెప్తాయి. శుద్ధ లవణం సుమారు 42, 43 డిగ్రీల దగ్గర తన స్ఫటిక జలంలో తానే కరిగిపోతుంది. రెంటచింతలలో మే నెల ఎండ అంతకన్నా ఎక్కువే. రేకుల షెడ్డులో సీలు విప్పని బస్తా లోపలే ముద్దగా, జావగా మారిందంటే అది ఈ లవణమేనని గట్టిగా అనుమానించవచ్చు. జంట లవణం ఆ వేడికి కరగదు. అయితే మూతి విప్పిన బస్తా విషయం వేరు. రెండూ గాలిలో తేమను లాక్కుంటాయి, వానాకాలంలో ఏదైనా జావ అవుతుంది.

ఆ లాక్కున్న తేమ కూడా తూకంలోకే వస్తుంది. 25 కిలోల జంట లవణం బస్తా మూతి విప్పి ఉంచితే నీళ్ళు పీల్చి 27 కిలోలు అయిందనుకోండి. లోపల నత్రజని అదే 3.875 కిలోలు, శాతం మాత్రం 15.5 నుంచి 14.35 కు పడిపోయింది. విడిగా కిలోల్లెక్కన కొనే చిన్న రైతు ఆ రెండు కిలోల నీళ్ళకూ ఎరువు ధరే కడతాడు. అందుకే దీన్ని విడిగా కొనవద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి సీలు బస్తా కొని ఆ రోజే పంచుకోవడం మేలు. మిగిలింది గాలి చొరకుండా డ్రమ్ములో మూత పెట్టాలి.

నీటి లెక్కను బస్తా మీదే చెప్పడం సాధ్యమేనా అని అడిగేవారికి మన ఊళ్ళ దుకాణాల్లోనే జవాబుంది. జింకు సల్ఫేట్ చూడండి. ఒక రకం 21 శాతం, ఇంకో రకం 33 శాతం. రెండింటిలో ఉన్నది అదే జింకు సల్ఫేట్. మొదటి దాంట్లో ఏడు నీటి అణువులు, రెండో దాంట్లో ఒకటి, తేడా అంతే. 21 ఏదో 33 ఏదో చూసి, ధర బేరీజు వేసుకుని, మోతాదు మార్చుకుని వాడటం మన రైతులు ఎప్పుడో నేర్చుకున్నారు. బస్తా మీద శాతం ముందు కనిపించేలా అమ్మడం వల్లే అది కుదిరింది. చెప్తే రైతుకు అర్థం కాదనే మాట చెల్లదు.

ఎరువులో నీరుండటం మోసం అని మేము అనడం లేదు. అది ఆ లవణం స్వభావం. కొన్నిటికి నీరు లేకుండా పలుకు కట్టదు. ఎంత ఉందో చెప్పకుండా, ఎక్కువ నీరున్నదాన్ని తక్కువ నీరున్నదాని ధరకు అంటగట్టడమే మోసం.

అందుకే మన సంఘం మూడు కోరుతోంది. ఒకటి, స్ఫటిక జలం ఉన్న ప్రతి ఎరువు బస్తా మీద దాని పూర్తి ఫార్ములా, నీటి శాతం, ఆ బస్తాలో ఎన్ని కిలోల నత్రజని ఉందో తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలి. "15.5 శాతం" కన్నా "ఈ బస్తాలో నత్రజని 3.875 కిలోలు" అన్నది ఎవరికైనా తేలిగ్గా అర్థమవుతుంది. రెండు, రైతు సేవా కేంద్రాల్లో యూరియా మొదలు నీటిలో కరిగే ఎరువుల దాకా కిలో నత్రజని ధర ఎంత పడుతోందో బోర్డు మీద రాయాలి. మూడు, అధికారులు తీసిన నమూనాల పరీక్ష ఫలితం ఆ సరుకు చేలల్లో కరిగిపోయాక కాదు, సీజను నడుస్తుండగానే ఆ మండలం రైతులకు తెలియాలి.

అవి వచ్చే దాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. బిల్లు లేకుండా కొనవద్దు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం దుకాణదారు బిల్లు ఇచ్చి తీరాలి. బిల్లులో "కాల్షియం నైట్రేట్" అన్న పేరుతో పాటు నత్రజని శాతం, బ్యాచ్ నంబరు రాయించుకోండి. శాతం రాయడానికి వెనకాడితే సంగతి అక్కడే తెలిసిపోతుంది. అనుమానం వస్తే సీలు విప్పని బస్తా ఒకటి అట్టే ఉంచి మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. విప్పిన బస్తా మీద ఫిర్యాదు నిలబడదు, తేమ మీరే పట్టించారంటారు.

ప్రతి గ్రామ శాఖ వచ్చే సమావేశంలో తమ ఊళ్ళో దొరికే ఎరువుల పేర్లు, బస్తా బరువు, నత్రజని శాతం, ధర ఒక కాగితం మీద రాసి, బరువును శాతంతో గుణించి నూటితో భాగించి, ధరను ఆ వచ్చిన కిలోలతో భాగించండి. ఆ పట్టిక సంఘం కార్యాలయానికి పంపితే మండలాల వారీగా కలిపి పై నెల సంచికలో వేస్తాం. మన పత్తిలో నీటిని వాళ్ళు శాతాలతో కొలుస్తున్నారు. వాళ్ళ ఎరువులో నీటిని కొలవడం మనమూ మొదలుపెడదాం.